రొట్టెల పండుగ వ్యాసంలో లోపం ఎక్కడుంది?

ప్రశ్న: మా సంఘం సావనీర్‌కి రొట్టెల పండుగ మీద వ్యాసం రాశాను. తప్పుల్లేవు, హాయిగా చదివిస్తోంది అంటున్నారు. తీరా మర్నాడు అడిగితే ఒక్క ముక్కా గుర్తుండటంలేదు. తిరగరాసే ముందు లోపం ఎక్కడుందో ఎట్టా పట్టుకోవాలి? మొదటి పేరా ఇది:

"భిన్నత్వంలో ఏకత్వానికి నిలువుటద్దం మన రొట్టెల పండుగ. ఏటా మొహర్రం సందర్భంగా నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద ఈ పండుగ అంగరంగ వైభవంగా జరుగుతుంది. కులమతాలకు అతీతంగా లక్షలాది భక్తులు తరలివస్తారు. స్వర్ణాల చెరువు భక్తజన సంద్రంగా మారుతుంది. కోర్కెలు తీరినవారు, కోర్కెలు ఉన్నవారు చెరువులో రొట్టెలు మార్చుకుంటూ భక్తిపారవశ్యంలో మునిగిపోతారు. ఆ దృశ్యం చూడటానికి రెండు కళ్ళూ చాలవంటే అతిశయోక్తి కాదు."

జవాబు: ముందు పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసుకోండి. పెన్ను చేతిలో ఉంటే "అంగరంగ వైభవంగా" కొట్టేసి "కన్నుల పండువగా" అని రాసేస్తారు, ఒక పాత నాణెం ఇచ్చి ఇంకో పాత నాణెం తెచ్చుకున్నట్టు. ఈ విడతలో ఒక్క మాట కూడా మార్చొద్దు, గుర్తులు మాత్రం పెట్టండి.

మొదటి పరీక్ష ఊరు మార్చి చదవడం. పేరాలో రొట్టెల పండుగ తీసేసి మీ పక్క ఊరి తిరనాళ్ళ పేరు పెట్టండి. దర్గా బదులు గుడి, మొహర్రం బదులు ఆ తిరనాళ్ళ రోజు, స్వర్ణాల చెరువు బదులు ఆ ఊరి చెరువు. ఇప్పుడు ఒక్కో వాక్యం చదువుతూ, అప్పటికీ చెల్లుబాటయ్యే ప్రతి వాక్యం కింద గీత గీయండి. మీ ఆరు వాక్యాల్లో ఒకటి, మూడు, నాలుగు, ఆరు ఏ ఇబ్బందీ లేకుండా చెల్లుతాయి. రెండోది కూడా చెల్లుతుంది గానీ దాన్ని వదిలేయండి. ఎక్కడ, ఎప్పుడు అని చెప్పే వాక్యం అది, గుమ్మం లాంటిది. గుమ్మం ఏ ఇంటికైనా ఒకటేగా ఉంటుంది, దాన్ని చెక్కుతూ కూర్చుంటే లోపలికి పోలేం. అందులో "అంగరంగ వైభవంగా" అన్న రెండు మాటలకే గీత చాలు.

అయిదో వాక్యం దగ్గర మాత్రం తిరనాళ్ళ అడ్డం తిరుగుతుంది. తిరనాళ్ళలో రొట్టెలు మార్చుకోరు. మీ పేరాకి ప్రాణం అక్కడుంది, కాబట్టి ఎక్కువసేపు నిలబడాల్సింది కూడా అక్కడే. ఏమీ లేని చోట కాదు, ఉన్నదాన్ని కప్పేసిన చోట ఉందన్నమాట లోపం.

ఆ వాక్యం ఏం కప్పేసిందో చూడండి. "మార్చుకుంటూ" అన్న క్రియ ఇచ్చేవాళ్ళనీ పుచ్చుకునేవాళ్ళనీ ఒకే మూట కట్టేసింది. అక్కడ జరిగేది నోట్లకు చిల్లర మార్చుకోవడం లాంటిది కాదు. కోరిక తీరిన మనిషి రొట్టె తెచ్చి ఇస్తుంది, అదే కోరిక ఉన్న మనిషి దాన్ని పుచ్చుకుంటుంది. తీరితే మరుసటేడు ఈమె రొట్టె తెస్తుంది. అంటే పోయినేడు చెయ్యి చాచిన మనిషి ఈ ఏడు ఇచ్చే వైపు నిలబడుతుంది. ఈ మలుపు మీ వాక్యంలో ఒక కామాలో పడిపోయింది: "కోర్కెలు తీరినవారు, కోర్కెలు ఉన్నవారు". ఆ కామాకి రెండువైపులా ఒక ఏడాది ఎడం ఉంది.

ఇంకొకటి "కోర్కెలు" అన్న బహువచనం. అక్కడ కోరికకో పేరుంది, ఆ పేరే రొట్టెకీ ఉంది: చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. వీసా రొట్టె కూడా వచ్చేసింది. అవసరాలు మారేకొద్దీ రొట్టెల పేర్లూ పెరుగుతున్నాయి. ఆ ఒక్క "వీసా" చెప్పేంత సంగతి "లక్షలాది భక్తులు" చెప్పలేదు.

రెండో పరీక్ష తెలుగుకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. కాగితం కుడిపక్కన ప్రతి వాక్యం చివరి మాటనీ కిందకి వరసగా రాయండి. మీకొచ్చే వరస: పండుగ, జరుగుతుంది, తరలివస్తారు, మారుతుంది, మునిగిపోతారు, కాదు. ఏటేటా జరిగేవే తప్ప ఒక్కసారి జరిగింది ఒక్కటీ లేదు. "ఇచ్చింది", "అడిగింది", "వెనక్కి తిరిగింది" లాంటి క్రియ ఒక్కటి కూడా పడలేదంటే ఈ వ్యాసంలో ఎవరూ ఏమీ చేయలేదన్నమాట. ఎడమపక్కన ఎవరు చేశారన్నది రాయండి: పండుగ, భక్తులు, చెరువు, వారు, దృశ్యం. వీళ్ళలో ఎవర్నైనా ఆపి "అమ్మా, ఏ రొట్టె?" అని అడగగలరా? అడగలేకపోతే మనిషి లేడని గుర్తు పెట్టండి. వ్యాసమంతా ఒకేసారి జరిగినదానితో నింపమని కాదు, ఆనవాయితీ చెప్పాలంటే "తుంది" కావాల్సిందే. పేజీ మొత్తం అదే అయితేనే అనుమానించాలి.

ఆ తర్వాత గీత పడ్డ వాక్యాలని రెండు కుప్పలు చేయండి. ఒక్కో వాక్యాన్ని "ఎవరు, ఎంత, ఏం చేశారు, ఆ తర్వాత?" అని అడగండి. జవాబు మీ నోట్‌బుక్‌లోనో బుర్రలోనో ఉంటే పక్కన చుక్క. లేకపోతే సున్నా. చుక్క అంటే కప్పెట్టారు, తీస్తే చాలు. సున్నా అంటే మీ దగ్గర సరుకే లేదు, కూర్చుని ఎంత తిరగరాసినా రాదు, చెరువు దగ్గరికి పోవాలి, లేదా పోయినవాళ్ళకి ఫోన్ చేయాలి. "చెరువు భక్తజన సంద్రంగా మారుతుంది" దగ్గర నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, రొట్టె తడవకుండా ఎట్టా పట్టుకున్నారు అంటే చెప్పగలరా? చెప్పలేకపోతే సున్నా. సున్నాని అలంకారంతో పూడ్చే అలవాటే ఇలాంటి నున్నటి గద్యాన్ని పుట్టిస్తుంది.

"కులమతాలకు అతీతంగా" వేరే రకం. అది కళ్ళతో చూసిన సంగతి కాదు, మీరు ఇచ్చిన తీర్పు. పైగా మొదటి వాక్యమూ అదే తీర్పు, రెండుసార్లు చెప్పారు. తీర్పు పక్కన సాక్ష్యం ఉందా అని మాత్రం చూడండి. అక్కడ అడిగేది ఏ రొట్టె అనేగా? ఆ ఒక్క సంగతి చూపిస్తే తీర్పు చదివేవాళ్ళే ఇచ్చుకుంటారు.

ఇక చదివినవాళ్ళని అడిగే పద్ధతి. "ఎట్టుంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది, మొహమాటం మరి. ఒక రోజు ఆగి, కాగితం చూపించకుండా "ఏం గుర్తుంది, చెప్పండి" అనండి. మనిషిని ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. నెల్లూరు వాళ్ళు వ్యాసంలో లేనివి కూడా చెప్పేస్తారు, వాళ్ళు చెరువు చూసినవాళ్ళు కాబట్టి మీ ఖాళీల్ని సొంత జ్ఞాపకాలతో నింపుకుంటారు. కనిగిరిలోనో గిద్దలూరులోనో ఉండి ఎప్పుడూ ఈ పండక్కి రాని మనిషికి ఇవ్వండి. మీరే చదివినా ఇదే ఇబ్బంది, కాగితం మీద "సంద్రం" అని ఉంటే మీకు నిజంగా నీళ్ళు కనిపిస్తాయి. అందుకే ఇంకొకరి చేత పైకి చదివించుకుని వినండి. గొంతు ఎక్కడ పాఠం అప్పజెప్పినట్టు పరుగెత్తుతుందో అక్కడ గీత.

గుర్తులయ్యాక వచ్చే ఇంకో తప్పు వివరాలు కుమ్మరించడం. గాజుల అంగళ్ళు, మిఠాయి బళ్ళు, పోలీసు బందోబస్తు అన్నీ నిజమే, అన్నీ నెల్లూరువే, కానీ ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ సంబంధం లేనివి. తిరనాళ్ళ పరీక్షలో అవి కూడా గీత కిందకే పోతాయి.

మీ పేరాలో అయిదో వాక్యాన్ని ముందుకు తెచ్చి, దాన్ని మూడు నాలుగు వాక్యాలుగా విప్పండి. గుమ్మం వాక్యం దాని వెనక పెట్టినా నష్టం లేదు. ఒకటి, మూడు, ఆరు కొట్టేసి కనిగిరి మనిషికే మళ్ళీ ఇచ్చి చూడండి. వాటి గురించి ఆయన అడగకపోతే తిరిగి పెట్టొద్దు.