మర్నాడు విమాన టికెట్ ధర తగ్గితే

ప్రశ్న: మా నలుగురికి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మూడు వారాల ముందే విమాన సంస్థ వెబ్‌సైట్‌లో టికెట్లు కొన్నాను. ఒక్కొక్కటి 6,900 రూపాయలు. మర్నాడు ఉదయం అదే విమానం 5,950 చూపించింది. రద్దు చేస్తే డబ్బు పోతుందేమోనని భయపడి వదిలేశాను. నష్టపోయానా? - గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: కొంత నష్టపోయి ఉండవచ్చు, కానీ మీరు అనుకుంటున్నంత కాదు. ప్రయాణానికి వారం పైన ఉండి, బుక్ చేసిన 48 గంటల్లోపు రద్దు చేసుకుంటే విమాన సంస్థ రద్దు రుసుము కోయకూడదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టింది. గడువు మీరు టికెట్ కొన్న నిమిషం నుంచి మొదలవుతుంది. రాత్రి 8.40కి కొంటే, ఎల్లుండి రాత్రి పడుకునే ముందు చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే.

అయితే ఆ 5,950 మీరు ఎంతమందికని వెతికితే వచ్చింది? చాలాసార్లు తేడా ఇక్కడే వస్తుంది. సీట్లను సంస్థలు మెట్లుమెట్లుగా అమ్ముతాయి. తక్కువ ధర మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉంటే, ఒక్కరికని వెతికినప్పుడు 5,950 కనిపిస్తుంది, నలుగురికని వెతికితే అందరికీ పై మెట్టు ధరే పడుతుంది. కాబట్టి నలుగురి పేర్లూ ఇచ్చి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి మొత్తం చూడాలి.

అక్కడా 5,950 ఉందనుకుందాం. నలుగురికి తేడా 3,800. కన్వీనియెన్స్ ఫీజు తలా 350 అనుకుంటే, మొదటిసారి కట్టినది సాధారణంగా తిరిగి రాదు, కొత్త టికెట్లకు మళ్లీ 1,400 కట్టాలి. మిగిలేది 2,400. మొదటిసారి నెలకు ఒక్కసారే దొరికే బ్యాంకు తగ్గింపు 500 వాడి ఉంటే, 1,900. ఏజెంటు సైట్‌లో కొన్నవారికి ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే సైటువాళ్లు తమ సేవా రుసుము వేరుగా పట్టుకుంటారు.

చేసే వరుస ఇది. ముందు పాత బుకింగ్‌లో రద్దు పేజీ తెరిచి, కోత సున్నా అని చూపిస్తోందో లేదో చూడండి, బటన్ మాత్రం నొక్కవద్దు. తర్వాత కొత్త టికెట్లు కొని, అవి ఖాయమైన మెయిల్ రాగానే పాతవి రద్దు చేయండి. రెండూ అట్టిపెట్టి తాత్సారం చేయవద్దు. ఒకే విమానంలో ఒకే పేరు రెండుసార్లు ఉంటే సంస్థ డూప్లికేట్‌గా భావించి ఒకటి తీసేయవచ్చు. డబ్బు తిరిగి ఇవ్వకుండా, తర్వాతి టికెట్లకు వాడుకునేలా తమ దగ్గరే క్రెడిట్ షెల్‌లో ఉంచమని సంస్థ అడిగితే ఒప్పుకోనక్కర్లేదు, అది మీ ఇష్టం.

ఇక మేము తరచూ చూసే చిక్కు ఒకటి. క్రెడిట్ కార్డుపై పాత 27,600, కొత్త 23,800 కొన్నాళ్లు రెండూ ఉంటాయి. తిరిగి రావలసిన డబ్బుకు 7 రోజుల గడువు ఉంది. ఈలోగా బిల్లు తయారైతే, 'అది ఎలాగూ వస్తుంది కదా' అని తక్కువ కట్టకండి. గడువు తేదీకి ఆ డబ్బు కార్డులో జమ కాకపోతే వడ్డీ పడుతుంది, ఆదా చేసిన 1,900లో సగం దానికే పోవచ్చు.