రోజూ క్వార్టర్.. టెస్టోస్టిరాన్ నార్మల్.. మరి సమస్య ఎక్కడ?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పన్నెండేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ విస్కీ తాగుతాను. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండట్లేదు, తెల్లవారుజామున కూడా రావట్లేదు. టెస్టోస్టిరాన్ 410 వచ్చింది, నార్మల్ అన్నారు. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు చేయించుకోవచ్చా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్లు ఇప్పుడు వద్దు. ముందు ఆ 410 సంగతి చూద్దాం. అసలు విషయం ఆ అంకె వెనక ఉందని నా అనుమానం.

రక్తంలో టెస్టోస్టిరాన్ చాలావరకు ప్రొటీన్లకు అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉండి నేరుగా పనిచేసేది నూటికి రెండు మూడు పాళ్లే. హార్మోన్‌ను గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్ పేరు ఎస్‌హెచ్‌బీజీ, దాన్ని తయారుచేసేది కాలేయం. ఏళ్ల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్నవారిలో ఇది తరచూ పెరిగిపోతుంది. అదే 410 ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరికి ఎస్‌హెచ్‌బీజీ 35, ఇంకొకరికి 85 అనుకుంటే, రెండో వ్యక్తికి పనికొచ్చే టెస్టోస్టిరాన్ దాదాపు సగమే. రిపోర్టులో మాత్రం ఇద్దరూ నార్మలే!

గతేడాది నా దగ్గరికి 45 ఏళ్ల లారీ యజమాని వచ్చారు. ఆయనదీ ఇలాంటి రిపోర్టే. 'అంతా మనసులోనే ఉంది' అని చెప్పి పంపేశారట. చొక్కా విప్పించి చూస్తే చనుమొనల కింద రూపాయి బిళ్లంత గట్టి కణితి, నొక్కితే నొప్పి. ఛాతీ మీద సాలెపురుగు కాళ్లలా సన్నని ఎర్ర గీతలు, అరచేతుల అంచులు ఎర్రగా ఉన్నాయి. వృషణాలు మెత్తబడి చిన్నవయ్యాయి. మనసు వల్ల ఇవేవీ రావు. మద్యం వృషణాల్లోనూ విరుగుతుంది. అలా విరిగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణాలను దెబ్బతీస్తుంది. మామూలుగా హార్మోన్ తగ్గితే మెదడులోని పిట్యూటరీ గ్రంథి 'ఇంకా తయారుచెయ్' అని వృషణాలకు చెప్పే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను పెంచాలి. ఎక్కువగా తాగేవారిలో ఆ కబురు కూడా నీరసిస్తుంది. పైగా ఉన్న పురుష హార్మోన్‌లో కొంత స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మారిపోతుంది. ఆయన రొమ్ములు పెరిగింది అందుకే.

టెస్టోస్టిరాన్ ఒక్కటే కారణం కాదు. అంగంలోకి రక్తం చేరాలంటే నాడులు సంకేతమివ్వాలి, రక్తనాళాలు వ్యాకోచించాలి. ఏళ్ల తాగుడు ఈ రెంటినీ పాడుచేస్తుంది. తెల్లవారుజామున కూడా స్తంభన రావట్లేదన్నారు కాబట్టి శారీరక కారణమే ఎక్కువ అనిపిస్తోంది. షుగర్, బీపీ, కొలెస్టరాల్ కూడా తప్పక చూపించుకోండి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కన్నా సన్నవి. అందుకే పూడిక మొదట అక్కడే బయటపడి, గుండె జబ్బు కొన్నేళ్లకు కనిపించడం మేం చూస్తుంటాం.

ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించండి. దాంతోపాటు ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, కాలేయ పరీక్షలు, వీర్య పరీక్ష కూడా. ఇంజెక్షన్ ఎందుకు వద్దన్నానంటే, బయటి నుంచి హార్మోన్ అందగానే పిట్యూటరీ ఎల్‌హెచ్ పంపడం ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. బిడ్డ కావాలనుకునేవారికి ఇది సరిగ్గా ఎదురు దెబ్బ.

మీరు తాగే క్వార్టర్, అంటే 42.8 శాతం మద్యం ఉన్న 180 మి.లీ.లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఇంత అలవాటున్నవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, మతిభ్రమణం మూడో రోజు ప్రాంతంలో వస్తుంది. కాబట్టి సైకియాట్రిస్టును కలిసి, మందుల సాయంతో ఆపండి. ఇంట్లోవాళ్లు మీకు తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కలపకుండా చూడండి. దాని మీద తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ లారీ యజమాని ఇలాగే ఆపారు. నాలుగో నెలలో తెల్లవారుజామున స్తంభన మళ్లీ మొదలైంది. రొమ్ము నొప్పి తగ్గింది కానీ ఆ గట్టితనం పూర్తిగా పోలేదు. వృషణాలు బాగా కుంచించుకుపోయినా, కాలేయం సిర్రోసిస్ దశకు చేరినా కోలుకోవడం అసంపూర్ణమే. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఆపిన మూడు నెలలకు వీర్యపరీక్ష, హార్మోన్లు మళ్లీ చూద్దాం. ఈలోగా అంగస్తంభన కోసం సిల్డెనఫిల్ మాత్ర వాడాలంటే డాక్టర్ గుండెను పరీక్షించాకే వాడండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు దాన్ని ముట్టుకోకూడదు. తాగిన రాత్రి అసలే వద్దు, బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు.