ముఖం మారకుండా ఫొటో వెడల్పు చేయడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారి షష్టిపూర్తికి 10×4 అడుగుల ఫ్లెక్సీ వేయిస్తున్నాం. మంచి ఫొటో ఒక్కటే ఉంది. స్టూడియోవాళ్లు నిలువుగా కత్తిరించడంతో రెండువైపులా మోచేతుల దగ్గర తెగిపోయింది. ఫోన్ యాప్‌లో వెడల్పు చేస్తే బ్యాక్‌గ్రౌండ్ బాగానే వచ్చింది కానీ నాన్న మీసం పల్చబడింది, కండువా జరీ అంచు వేరే డిజైన్ అయిపోయింది. అమ్మ చూసి "ఈయనెవరే?" అంది. ముఖం, బట్టలు ఉన్నవి ఉన్నట్టుగా ఉంచి పక్కలు మాత్రమే పెంచే దారి ఉందా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మగారి కన్నే అసలు పరీక్ష, ఆవిడ మాట వదలకండి. మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే అయింది. మామయ్యగారి బ్యానర్ డిజైన్‌ను విజయవాడలో ఒక షాపులో అప్పజెప్పి వచ్చాం. ఫ్లెక్సీ కట్టాక చూస్తే ఆయన బుగ్గ మీది పుట్టుమచ్చ లేదు.

మీ యాప్ పక్కలు పెంచడంతో ఆగలేదు, మొత్తం ఫొటోను మళ్లీ గీసింది. ఇలాంటి యాప్‌ల వెనకుండే ఏఐ మోడళ్లు చాలావరకు 1024 పిక్సెళ్ల అటూఇటూ సైజులో పనిచేస్తాయి. మీ ఫొటో 1200×1600 పిక్సెళ్లు అనుకుందాం. దాన్ని 10×4 నిష్పత్తిలో పెడితే కాన్వాస్ 4000×1600 అవుతుంది. యాప్ ఈ 4000ని 1024కి కుదిస్తే మీ ఫొటో వెడల్పు 300 చిల్లర పిక్సెళ్లకు దిగుతుంది, అందులో ముఖం సుమారు 100. పైగా స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లు లోపల ఎనిమిది పిక్సెళ్లను ఒక గడిగా కుదించి చూస్తాయి. అంటే ముఖం అడ్డంగా పన్నెండు, పదమూడు గళ్లే. అంత తక్కువలోంచి మీసం వెంట్రుకలను తిరిగి తీయమంటే అది ఊహించి గీస్తుంది. జరీ అంచు సంగతీ అంతే.

అందుకే ఏఐతో గీయించే భాగాన్ని వీలైనంత తగ్గించండి. అది ఏం గీసినా, చివరికి దాని మీద మీ అసలు ఫొటో లేయర్‌ను ఉన్నచోటే తిరిగి పరచండి.

అన్నింటికంటే ముందు ఫొటోను ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. మనవాళ్లు బ్యానర్ అనగానే మనిషిని మధ్యలో నిలబెడతారు. అలా చేస్తే రెండు చేతులూ కొత్తగా గీయాల్సి వస్తుంది. నాన్నగారి ఎడమ భుజం మీద కండువా ఉంటే ఫొటోలో అది మనకు కుడివైపు కనిపిస్తుంది. కాబట్టి ఫొటోను బ్యానర్ కుడి చివరకు జరిపి, కుడి అంచును బ్యానర్ అంచుకు ఆనించండి. కింది అంచును కూడా బ్యానర్ కింది అంచుకే ఆనించండి. ఇప్పుడు కండువా, జరీ, కింద తెగిన చేతులు దేన్నీ ఎవరూ గీయనక్కర్లేదు. తెగిన చోట బ్యానరే ముగిసిపోయింది కనుక చూసేవాళ్లకు లోటు తెలియదు. మిగిలింది ఎడమవైపు లాల్చీ చేయి ఒక్కటే. అది తెల్లటి సాదా గుడ్డ అయితే ఏఐకి అంత కష్టం కాదు. పేర్లు, తేదీ, శుభాకాంక్షలు ఎడమ ఖాళీలోకి వెళ్తాయి.

ఒక్క జాగ్రత్త. ఫ్రేముకు కొట్టేటప్పుడు ఫ్లెక్సీ అంచు కొంత మడతలో పోతుంది. ఈ సైజులో అంగుళానికి 33 పిక్సెళ్లు, కాబట్టి మూడంగుళాలు మడిచినా 100 పిక్సెళ్లు ఎగిరిపోతాయి, కండువా అంచు అక్కడే ఉండొచ్చు. ప్రింట్ చుట్టూ మడతకు తెల్ల ఫ్లెక్సీ వదలమని షాపులో ముందే చెప్పండి. అంగుళానికి 33 అంటే దగ్గర్నుంచి మసకగా ఉంటుంది కానీ రోడ్డవతలి నుంచి చూసే బ్యానర్‌కు ఇబ్బంది లేదు.

ఇక పెంచడం. ఫొటోషాప్ ఉంటే Crop టూల్‌తో ఎడమ అంచును మొత్తం 2800 పిక్సెళ్లు ఒక్కసారి లాగకండి. మొదట 300 మాత్రమే లాగి, Generative Expand ఎంచుకుని, మాటల పెట్టె ఖాళీగా వదిలేసి Generate నొక్కండి. పెట్టెలో 'పంచె, లాల్చీ కట్టుకున్న పెద్దాయన' అని రాశారో, పక్కన ఇంకో పెద్దాయన మొలుస్తాడు! మూడు రకాలు చూపిస్తుంది. మోచేయి వంపు, చేతి మడతలు ఫొటోలోని గీతలతో కలిసేదాన్ని తీసుకోండి. ఏదీ కలవకపోతే మళ్లీ Generate. కొత్త భాగం వేరే లేయర్‌గా వస్తుంది, మీ ఫొటో లేయర్ అలాగే ఉంటుంది. వేరే టూల్ వాడితే, అది ఇచ్చిన బొమ్మను కింద పెట్టి మీ ఫొటోను మీద మీరే పరచాలి.

మిగతా 2500 పిక్సెళ్లకు నన్నడిగితే ఏఐ అక్కర్లేదు. దాని మీద ఎలాగూ అక్షరాలు వస్తాయి. గోడ రంగును ఐడ్రాపర్‌తో తీసుకుని నెమ్మదిగా ముదురు రంగులోకి కలిసిపోయే గ్రేడియంట్ వేయండి. కర్టెన్లు, పూలకుండీలు గీయిస్తే అక్షరాలు కనపడక మీరే మళ్లీ చెరుపుకుంటారు.

అలా మీరే పరిచినప్పుడు అతుకు కోసం ఫొటో లేయర్‌కు మాస్క్ పెట్టి, ఎడమ అంచు ఒక్కదాన్నే 15, 20 పిక్సెళ్ల మేర మెత్తగా చేయండి. ముఖం దగ్గరికి ఆ బ్రష్ వెళ్లకూడదు. 100% జూమ్‌లో చూడండి. చేతి అంచు రెండు గీతలుగా కనిపిస్తే కింద గీసింది సరిగ్గా కలవలేదన్నమాట. ఇంకో గుర్తు కూడా ఉంది. పాత ఫొటోలో సన్నటి ఇసుక లాంటి గరుకుదనం ఉంటుంది, కొత్త భాగం ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది. కొత్త లేయర్‌కు Add Noise ఒకటి, రెండు శాతం ఇస్తే రెండూ కలుస్తాయి.

షాపువాళ్లు ఫైనల్ డిజైన్ పంపాక ఒక పరీక్ష చేయండి. ఇది చేసి ఉంటే మా మామయ్యగారి పుట్టుమచ్చ పోయిన సంగతి అప్పుడే తెలిసేది. డిజైన్ మీద మీ అసలు ఫొటోను కొత్త లేయర్‌గా అదే చోట, అదే సైజులో పెట్టి, బ్లెండ్ మోడ్ Difference చేయండి. ఇది ఫొటోషాప్‌లోనే కాదు, ఉచితంగా దొరికే జింప్, ఫొటోపీల్లోనూ ఉంది. రెండింటికీ తేడా లేని చోటంతా నల్లగా మారుతుంది. కళ్లు, మీసం, కండువా నల్లగా ఉంటే ఎవరూ చెయ్యి పెట్టలేదు. ముఖం మొత్తం గీతలుగా మెరిస్తే ఫొటో ఒక పిక్సెల్ పక్కకు జరిగి ఉంటుంది, జరిపి మళ్లీ చూడండి. మీసం, పెదవులు, బుగ్గలు మాత్రమే మెరిస్తే బ్యూటీ టచ్ ఇచ్చేశారన్నమాట. డిజైన్ జేపెగ్‌లో వస్తే అంతటా సన్నటి చుక్కలు కనిపిస్తాయి, వాటిని పట్టించుకోకండి. వీలైతే పీఎన్‌జీలో అడగండి, వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి.

కండువా నాన్నగారి కుడి భుజం మీద ఉంటే మాత్రం ఇదంతా తలకిందులు. ఫొటోను బ్యానర్ ఎడమ చివరకు చేర్చండి. రెండు భుజాల మీదా కప్పుకుని ఉంటే జరీని ఏఐకి వదలకండి. అదే రోజు తీసిన ఇంకో ఫొటో ఏదైనా స్టూడియోలో ఉందేమో అడిగి, అందులోంచి అంచు కాపీ చేసి అతికించడమే మేలు.