మైనస్ రెండు దగ్గర పోయిన మార్కు

ప్రశ్న: అసమీకరణం సాధించడం వచ్చు, జవాబు అంతరాల్లో రాసేటప్పుడే తప్పు పోతోంది. ఎక్కడ గుండ్రటి బ్రాకెట్, ఎక్కడ చదరపు బ్రాకెట్, ∪ ఎప్పుడు?

బ్రాకెట్ దగ్గర తప్పు పోతోందంటే నేను నమ్మను. అది రెండు లైన్ల ముందే పోయి ఉంటుంది. నా అనుభవం అదే.

ఇంటర్‌లో ఉండగా ఒక వారం పరీక్షలో (x − 3)/(x + 2) ≥ 0 ఇచ్చారు. అంతకు ముందు వారం ఇలాంటి లెక్కలోనే హారాన్ని అటువైపు పంపేసి x ≥ 3 అని రాసి తిట్లు తిన్నాను. x + 2 రుణాత్మకమైతే గుర్తు తిరగబడుతుందన్న సంగతి మర్చిపోవడంతో ఎడమవైపు ముక్క మొత్తం ఎగిరిపోయింది. అందుకని ఈసారి తెలివిగా (x + 2)² తో గుణించాను. వర్గం కదా, గుర్తు మారే భయం లేదు. (x − 3)(x + 2) ≥ 0 వచ్చింది. సున్నా అయినా పర్వాలేదు కాబట్టి (−∞, −2] ∪ [3, ∞) అని ధీమాగా రాసేశాను.

పేపరు చేతికిస్తూ సార్ ఒకటే మాట అన్నారు: "మైనస్ రెండు వేసి చూడరా." వేశాను. పైన −5, కింద సున్నా. గుణించాక వచ్చిన దాంట్లో −2 వేస్తే 0 ≥ 0, నిజమే. కానీ వాళ్ళు అడిగిన లెక్క అది కాదుగా!

అప్పటి నుంచి కొసల్ని విడిగా చూస్తాను, అదీ అసలు లెక్కలోనే వేసి. ముందు సంఖ్యారేఖ మీద −2, 3 గుర్తు పెట్టి, ఒక్కో ముక్కలో ఒక సంఖ్య వేస్తాను. −3 వేస్తే 6, ఆ ముక్క ఉంటుంది. 0 వేస్తే −3/2, మధ్య ముక్క పోయింది. 4 వేస్తే 1/6, ఉంటుంది. ఇక కొసలు. 3 వేస్తే 0, సరిపోయింది, చదరపు బ్రాకెట్. −2 దగ్గర విలువే లేదు, గుండ్రటిది. జవాబు (−∞, −2) ∪ [3, ∞). కోచింగుల్లో ప్లస్, మైనస్ అంటూ అలల గీత గీయించి వదిలేస్తారు, కొసల ఊసే ఎత్తరు. నాకు మండేది అక్కడే.

అనంతానికి ఎప్పుడూ గుండ్రటిదే. అది సంఖ్య కాదు, x అక్కడిదాకా చేరడమంటూ ఉండదు. [3, ∞] అని రాస్తే మార్కు పోయినట్టే.

∪ విషయంలో మన మాటే మనల్ని ముంచుతుంది. "ఐదేళ్ళలోపు పిల్లలకూ, అరవై దాటినవాళ్ళకూ టికెట్ లేదు" అంటాం. వినడానికి 'మరియు' లాగే ఉంటుంది, కానీ ఒకే మనిషి రెండూ కావాలని ఎవరూ అనుకోరు. ఇదీ అంతే. x −2 కంటే తక్కువ లేదా కనీసం 3. 'మరియు' అనుకుని ∩ పెడితే చేతికొచ్చేది శూన్య సమితి. ఇంకొందరు రెండు ముక్కల్నీ కలిపి 3 ≤ x < −2 అని రాస్తారు. అది నిజం కావాలంటే 3 కంటే −2 పెద్దదవ్వాలి.