తెల్ల అంచు ఫైకస్‌కు పచ్చ కొమ్మలొస్తే మందు కాదు, కత్తెర కావాలి

ప్రశ్న: అయ్యా, మాది భోగాపురం దగ్గర చిన్న నర్సరీ. కడియం నుంచి తెచ్చిన తెల్ల అంచు ఫైకస్ మొక్కలు 120 ఉన్నాయి, స్టార్‌లైట్ అంటారు. వాటిలో ఓ 35 మొక్కలకు మామూలు పచ్చ ఆకులు వస్తున్నాయి. ఇనుము లోపమని షాపాయన చెబితే ఐరన్, 19:19:19 కలిపి రెండుసార్లు కొట్టాను. తగ్గలేదు, పైగా తెల్ల అంచులు మాడుతున్నాయి. వైరస్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టాలి? – ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: ఏ మందూ కొట్టొద్దు. ఇనుము తక్కువైతే లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్య భాగం పసుపుగా పాలిపోతుంది. మీ ఆకులు పాలిపోవడం లేదు, ఇంకా పచ్చబడుతున్నాయి. అది లోపం ఎలా అవుతుందండీ? వైరస్ కూడా కాదు. మీరు పంపిన ఫోటోల్లో పచ్చ కొమ్మల ఆకులకు ముడతా లేదు, మచ్చా లేదు, నిగనిగలాడుతున్నాయి. మొక్క తన పాత పచ్చ రూపానికి వెనక్కి పోతోంది, అంతే.

స్టార్‌లైట్ కొమ్మ చివర పెరిగే మొగ్గలో రెండు రకాల కణాలు పొరలుగా కలిసి కాపురం చేస్తుంటాయి. ఒక పొరకు పత్రహరితం తయారు చేసే శక్తి లేదు, తెల్ల అంచు వచ్చేది దాన్నుంచే. ఇంకో పొర మామూలు పచ్చది. పెరిగేటప్పుడు ఈ పొరలు కాస్త అటూఇటూ జరిగినా, గాయమైన చోట లోపలి పచ్చ కణాల నుంచి కొత్త మొగ్గ పుట్టినా, ఆ కొమ్మ మొత్తం పచ్చగానే వస్తుంది. ఆకంతా పచ్చగా ఉంటే ఆహారం ఎక్కువ తయారవుతుంది కాబట్టి ఆ కొమ్మ తెల్ల అంచు కొమ్మల కంటే వేగంగా సాగి వాటిని నీడలో పడేస్తుంది. వదిలేస్తే కొన్నాళ్లకు మొక్కంతా అదే. పూర్తిగా పచ్చబడిన కొమ్మ మళ్లీ తెల్ల అంచు వేస్తుందని ఎదురుచూడకండి, దాదాపు వేయదు.

ఇక కోయడం. ఆకులు మాత్రమే తుంచేస్తే పని జరగదు, ఆకు మొదట్లో మొగ్గ ఉండిపోతుంది, మళ్లీ పచ్చగానే చిగురిస్తుంది. పచ్చ కొమ్మను పట్టుకుని కిందికి చూసుకుంటూ వెళ్లండి. మొదలు నుంచీ పచ్చగానే ఉంటే, పుట్టిన చోటికే, మోడు మిగలకుండా కోసేయండి, అయితే తల్లి కొమ్మ బెరడు చీలకూడదు. కింద తెల్ల అంచు ఆకులుండి పైన మాత్రం పచ్చగా మారితే, అంచు రెండు వైపులా బాగా ఉన్న ఆకు దాకా దిగి, ఆ ఆకుకు పైన కోయండి. సగం పచ్చ, సగం తెలుపుగా ఉన్న ఆకు దగ్గర ఆగొద్దు, దాని మొగ్గ ఎటు తిరుగుతుందో చెప్పలేం. పూర్తిగా తెల్లగా వచ్చిన కొమ్మ అందంగానే ఉంటుంది గానీ సొంతంగా ఆహారం చేసుకోలేదు, ఎండకు మాడుతుంది, దాన్నీ తీసేయండి.

35 మొక్కల్లో ఒకటి రెండు పచ్చ కొమ్మలున్నవాటిని ఈరోజే కోసేయండి. సగానికి మించి పచ్చబడినవాటిని ఒక్కసారే కోస్తే మొక్క బోడిదై నీరసిస్తుంది. మూడో వంతు చొప్పున, 4 నుంచి 6 వారాల తేడాతో తీయండి. అంత ఓపిక లేకపోతే వాటిని పచ్చ ఫైకస్‌గానే అమ్ముకోండి, అదేం తప్పు కాదు. కారే పాలు చర్మానికి దురద పెడతాయి, చేతికి గ్లవ్స్ వేసుకోండి, కత్తెరను మధ్యమధ్యలో స్పిరిట్ గుడ్డతో తుడవండి. వానాకాలంలో చిగుళ్లు ఎక్కువ కాబట్టి 15 రోజులకోసారి వరుసలన్నీ తిరిగి చూడాలి, పచ్చ చిగురు వేలెడంత ఉన్నప్పుడే తీస్తే గాయం కూడా కనపడదు.

అంట్లకు కొమ్మలు ఎంచేటప్పుడు మరీ జాగ్రత్త. ఏపుగా ఉంది కదా అని పచ్చ కొమ్మను నాటితే పచ్చ మొక్కే వస్తుంది. పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటినా ఇంతే, పిల్లలకు అంచు ఉండదు, దాన్ని దుంప విడదీసే పెంచాలి.

ఇక ఆ స్ప్రేల సంగతి. అంచులు మాడింది మీరు కొట్టిన ద్రావణం వల్లే అయి ఉంటుంది, తెల్ల భాగం పచ్చ భాగం కంటే సున్నితం. ఆకు రంగు మారిందనగానే సీసా చేతికిచ్చే షాపాయనకు మొక్కను చూపించకుండా, ఆయన చెప్పింది విని రెండుసార్లు కొట్టేశారు, పోయింది మీ డబ్బే. యూరియా వేస్తుంటే ఆపేయండి, నత్రజని ఎక్కువైతే పచ్చ కొమ్మలే ముందు ఎగబాకుతాయి. 19:19:19 కావాలంటే లీటరుకు 2 గ్రాములు కలిపి నెలకోసారి మట్టికి పోయండి, ఆకులపై వద్దు.

ఒక్క కొమ్మ కాక మొక్కంతా అంచు మసకబారితే అది వేరే కథ, ముదురు షేడ్‌నెట్ కింద వెలుతురు చాలక అలా ఉంటుంది. 50 శాతం నెట్ కిందికి మార్చి, కొత్తగా వచ్చే ఆకులు చూడండి, పాత ఆకులు ఎలాగూ మారవు.