సున్నం దిమ్మ పొడి రాలడం – సమాధానం

"సున్నం, ఫ్లై యాష్ కలిపి పోసిన దిమ్మ వారమైనా గోరుతో గీస్తే పొడి రాలుతోంది. రోమన్ల కాంక్రీటు రెండు వేల ఏళ్లు ఎలా నిలిచింది?"

మీ దిమ్మ ఆరింది, గట్టిపడలేదు. బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో బంధం కట్టేది తడిలోనే, అదీ వారాలు, నెలల మీద. తడి పోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది. రోమన్లు ఓడరేవు కట్టడాలకు ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు అగ్నిపర్వత బూడిద వేసేవారు. తర్వాత సముద్రపు నీరు ఇంకి, సందుల్లో టోబర్‌మోరైట్ అనే ఖనిజపు స్ఫటికాలు పెరిగి కాంక్రీటును మరింత బిగించాయి. పైగా లోపల తుప్పుపట్టే ఇనుము లేదు.

మీరూ 1:2 పాళ్లు తీసుకుని, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేంత నీళ్లే పోసి, పొరలుగా దిమ్మిస కొట్టండి. తడి గోనెపట్టా కప్పి కనీసం 28 రోజులు ఆరనివ్వకండి. ఇనుప చువ్వలుండే స్లాబుకు మాత్రం ఇది వద్దు, ఫ్లై యాష్ కలిసిన పీపీసీ సిమెంటు వాడండి.