ఎదురుపడినప్పుడు అభినందన ఎట్లా చెప్పాలి?

సందేహం: మా హైస్కూల్లో ఒక సీనియర్ మాస్టారికి హెడ్‌మాస్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఎదురుపడితే "అభినందనలు సార్" అన్నాను. ఆయన "థాంక్సమ్మా" అని వెళ్లిపోయారు. ఏదో కాగితం చదివినట్టు అనిపించింది. ఇప్పుడు మా పెద్దమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది, చూడ్డానికి పోవాలి. అక్కడేమనాలి? "శుభాకాంక్షలు" అంటే తప్పా?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: "అభినందనలు" తప్పు కాదు. సన్మాన సభలో శాలువా కప్పేటప్పుడు, ఫోన్‌లో మెసేజ్ పెట్టేటప్పుడు అది నిండుగా ఉంటుంది. "శుభాకాంక్షలు" ఇకమీదట జరగవలసిన మంచిని కోరేది. కాబట్టి వచ్చేసిన ప్రమోషన్‌కు కాక, ఆయన చేపట్టబోయే కొత్త బాధ్యతకు చెప్పొచ్చు. అయితే ముఖాముఖిగా చెప్పినప్పుడు ఈ రెండింటికీ ఒకటే చిక్కు. విన్న మనిషికి "థాంక్స్" తప్ప చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

మన ప్రాంతంలో ఎదురుపడి చెప్పేవాళ్ల మాట గమనించండి. "సార్, హెడ్‌మాస్టరుగా ప్రమోషన్ వచ్చిందంట గదా! చానా సంతోషం సార్." ఇందులో పనంతా చేసేది "అంట". రాతలో "అట" అని రాస్తాం, నెల్లూరు, ఒంగోలు వైపు నోట "అంట" అవుతుంది. ఇది వేరేవాళ్ల నోట విన్న సంగతి అని చెప్పే మాట. అంటే, మీ మంచి వార్త ఊళ్లో నలుగురూ అనుకుంటున్నారని, అది నా దాకా వచ్చిందని తెలియజేస్తున్నాం. అసలు కబురు మాత్రం ఆయన నోటినుంచే రావాలని వదిలిపెడుతున్నాం. అందుకే ఆయన "అవునమ్మా, మొన్ననే ఆర్డర్స్ వచ్చాయి, ఇంకా ఎక్కడ వేస్తారో చూడాలి" అని మొదలుపెడతారు. ఆ నాలుగు మాటలు చెప్పుకోనివ్వడమే అసలు అభినందన.

"గదా" వదిలేయకండి. ఉత్త "వచ్చిందంట?" అని సాగదీస్తే, నిజమేనా అని అనుమానపడినట్టు ఉంటుంది. "వచ్చింది"కి బదులు "ఇచ్చారంట గదా" అన్నా పెద్ద తేడానే. వచ్చింది అంటే ఆయన అర్హతకు వచ్చింది, ఇచ్చారు అంటే ఎవరో దయతలచారు. ఇక "మొత్తానికి వచ్చింది", "మీకు కూడా వచ్చిందంట" లాంటివి మంచి మనసుతో అన్నా గుచ్చుకుంటాయి. మొదటిది ఆలస్యాన్ని గుర్తుచేస్తుంది, రెండోది ఆయన్ని గుంపులో కలిపేస్తుంది. ఇంకో హద్దు కూడా ఉంది. ఆర్డరు చదివి వినిపించినప్పుడు మీరూ ఆ స్టాఫ్‌రూమ్‌లోనే ఉంటే "అంట" కుదరదు. కళ్లతో చూసినదాన్ని విన్నానని అనలేం. అప్పుడు "మీకు రావడం మాకందరికీ సంతోషం సార్" అంటే చాలు.

బిడ్డను చూడ్డానికి పోయినప్పుడు కూడా సరిగ్గా ఇదే హద్దు అడ్డం వస్తుంది. ఫోన్‌లో అయితే "పాప పుట్టిందంట గదా అక్కా" అనొచ్చు. పాప ఎదురుగా పక్కలో పడుకుని ఉంటే ఆ మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. కాబట్టి అక్కడ వార్తతో కాదు, బాలింతతో మొదలుపెడతాం: "ఎట్టుండావక్కా? నిద్ర పడతా ఉందా?" తరవాత బిడ్డ వైపు తిరుగుతాం. ముందు తల్లిని పలకరించడం మన ఆడవాళ్లకు బాగా తెలిసిన మర్యాద. హడావుడిలో మగవాళ్లు తప్పేది ఇక్కడే, నేరుగా ఉయ్యాల దగ్గరికి పోతారు.

మీ సందర్భంలో నేను మరీ జాగ్రత్తపడమనేది ఒక్క అక్షరం గురించి. "ఆడపిల్లా?" అంటే తెలుసుకోవడానికి అడిగినట్టు. "ఆడపిల్లేనా?" అంటే మధ్యలోని ఆ "ఏ" వల్ల, ఇంకేదో ఎదురుచూసి నిరాశపడినట్టు అవుతుంది. దాని ముందు "మళ్లీ" చేరితే ఆ తల్లి దాన్ని ఏళ్ల తరబడి మర్చిపోదు. ఈ మాట నోరు జారి అన్నా నాకు బాధే. తెలియనప్పుడు "పాపా, బాబా?" అని అడగండి. తెలిసి పోతున్నారు కాబట్టి మీకు ఆ ప్రశ్నే అక్కర్లేదు. "లక్ష్మీదేవి వచ్చింది" అనడం వాడుకలో ఉన్నదే, మంచిదే. కానీ ఎవరూ నొచ్చుకోకముందే ఓదార్చినట్టు ఉండకూడదు, సంతోషం గొంతులో వినపడాలి.

మీరు అక్క కంటే చిన్నవారు కాబట్టి ఆమెను దీవించరు. ఆ పని పెద్దవాళ్లది. బిడ్డకు మాత్రం మీరూ పెద్దే, పిన్ని వరస. చేతిలో పదో పరకో పెట్టి "నూరేళ్లు చల్లగా ఉండాల తల్లీ" అనండి.